‘నేను అనలేదు’కీ ‘అన్నది నేను కాదు’కీ మధ్య: నొక్కి పలికే మాటను తెలుగులో ఎక్కడ పెట్టాలి?

సుధ, సాలిగ్రామం:
గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక ఇంగ్లీషు సీరియల్‌కు డబ్బింగు మాటలు రాస్తున్నాను. ఆఫీసులో ఒక గొలుసు పోతుంది. ‘మీనా దొంగిలించిందని నువ్వే కదా అన్నావు’ అని పై అధికారి నిలదీస్తే, గుమాస్తా అమ్మాయి చెయ్యి గుండెల మీద పెట్టుకుని ‘ఐ నెవర్ సెడ్ షీ స్టోల్ ఇట్’ అంటుంది. నొక్కంతా ‘ఐ’ మీదే. అంటే ఆ మాట ఎవరో అన్నారు, తాను మాత్రం కాదు. ‘ఆమె దొంగిలించిందని నేను అనలేదు’ అని రాస్తే ఆ నొక్కు కనబడటం లేదు. ఇంగ్లీషులో ఆ ఆరు మాటల్లో దేన్ని నొక్కితే దానికి తగ్గట్టు అర్థం మారిపోతుంది, మాటల వరుస మాత్రం కదలదు. మనం ఏం చేస్తాం?

కిరణ్, పెరంబూరు:
ఇది చాలా సులభం సుధగారూ. తెలుగులో మాటల్ని ఎటైనా జరపవచ్చు. నొక్కదలచిన మాటను క్రియకు ముందు పెడితే చాలు. ఇంకా బలం కావాలంటే ‘ఏ’ తగిలించండి: ‘ఆమె దొంగిలించిందని నేనే అనలేదు.’

వెంకటలక్ష్మి, అంబత్తూరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. అసలు ‘దొంగిలించు’ సరైనదా, ‘దొంగలించు’ సరైనదా? మా ఇంట్లో రెండోదే అంటాము. ఈ గుంపులో ఎవరైనా చెబుతారని ఎప్పటి నుంచో చూస్తున్నాను.

రామచంద్రరావు, టి.నగర్:
వెంకటలక్ష్మిగారూ, రాతలో ‘దొంగిలించు’ వాడండి. మిగతాది విడిగా అడగండి, తప్పకుండా మాట్లాడుకుందాం.

కిరణ్ బాబూ, నువ్వు చెప్పిన మొదటి మాటలో నిజముంది. ‘గొలుసు మీనా తీసింది’ అన్నప్పుడు క్రియ పక్కనున్న మీనా మీదికే దృష్టి పోతుంది. కానీ సుధ వాక్యం వ్యతిరేకార్థకం. అక్కడ చిక్కు వస్తుంది. ‘నేనే అనలేదు’ అని ఒకసారి పైకి చదివి చూడు. ‘నాకే ఆ మాట రాలేదు, ఇంక ఇంకొకరు ఎందుకంటారు’ అన్న ధ్వని వస్తుంది. ఆ అమ్మాయి చెప్పదలచుకున్నది సరిగ్గా దానికి ఎదురు. ఎవరో అన్నారని ఆమె ఒప్పుకుంటోంది.

ఇక్కడ పని చేసేది ‘లేదు’, ‘కాదు’ల తేడా. ‘అనలేదు’లో లేదన్నది అనడాన్ని. ‘అన్నది నేను కాదు’లో అనడం జరిగిపోయింది, కాదన్నది మనిషిని. క్రియను ‘అన్నది’ అని నామంగా మార్చి ఒక పక్క పెట్టి, నొక్కదలచిన మాటను ‘కాదు’ పక్కన నిలబెడతాము. గొంతు ఎంత పెంచినా ‘నేను అనలేదు’కు ఇంత స్పష్టత రాదు.

ఇంకొకటి గమనించండి. ‘అన్నాను, అన్నావు, అన్నాడు’ అన్నప్పుడు మనిషి ఎవరో క్రియలోనే ఉంది. కాబట్టి ‘నేను అన్నాను’లో ‘నేను’ పలికితేనే కొంత నొక్కు పడుతుంది. ‘అనలేదు’ అందరికీ ఒకటే. అక్కడ ‘నేను’ అవసరం కొద్దీ వస్తుంది, అందుకే దానికి బరువు ఉండదు. సుధ మొదటి వాక్యం చప్పగా ఉన్నది అందుకే.

శైలజ, అడయారు:
రావుగారూ, మీరు చెప్పింది చదువుతుంటే మా అమ్మాయి గుర్తుకు వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది. ‘చెప్పింది నేను లేదు’ అంటుంది. దిద్దుతూనే ఉన్నాను. ఇది తమిళం వల్లనేనా?

రామచంద్రరావు:
అయి ఉండవచ్చు అమ్మా. రాసే తమిళంలో ‘అల్ల’, ‘ఇల్లై’ వేరుగా ఉన్నా, మాట్లాడేటప్పుడు రెండు చోట్లా ‘ఇల్ల’ వినిపిస్తుంది. బెంగళూరులో పెరిగే పిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ ఉండాలి. కన్నడంలో ‘హేళిద్దు నానల్ల’ అనేటప్పుడు ‘అల్ల’ వాడుకలో బతికే ఉంది. పాపకు నియమం చెప్పకండి, రెండు వాక్యాలు పక్కపక్కన వినిపించండి: ‘నేను చెప్పలేదు’, ‘చెప్పింది నేను కాదు’.

సుధ:
ధన్యవాదాలు రావుగారూ. ఇప్పుడు కొలత సంగతి. ఇంగ్లీషు వాక్యం నోట్లో ఏడు ముక్కలు. ‘ఆమె దొంగిలించిందని అన్నది నేను కాదు’ అంటే 15 అక్షరాలు, ఆ అమ్మాయి పెదవులు ఆగిపోయాక కూడా గొంతు సాగుతూనే ఉంటుంది. దొంగతనం మాట అధికారి అప్పుడే అన్నాడు కనుక దాన్ని వదిలేసి ‘అన్నది నేను కాదు’ అంటే సరిగ్గా ఏడు. కానీ ఆమె చెయ్యి గుండెల మీదికి వెళ్ళేది మొదట్లోనే. నా ‘నేను’ ఆలస్యంగా వస్తోంది.

కిరణ్:
అయితే తిప్పేయండి: ‘నేను కాదు అన్నది.’ వరుస జరపవచ్చని నేను అన్నది ఇందుకే!

రామచంద్రరావు:
ఇది బాగుంది బాబూ. మాటల్లో మనం ఎక్కువగా ఇలాగే అంటాము. అయితే ‘అను’ క్రియతో ఒక ప్రమాదం ఉంది. ‘కాదు అన్నది’ కలిసిపోయి, ఆమె దేన్నో కాదన్నట్టు వినిపించవచ్చు. కాదన్నాడు, కాదంది అని రోజూ అంటూనే ఉంటాము కదా. ‘చెప్పు’తో ఆ తంటా రాదు, దానికైతే ‘కాదని’ అని ఉండాలి. ‘నేను కాదు చెప్పింది’ అని రాయి సుధా. అదీ ఏడే.

సుధ:
చెయ్యితో పాటే ‘నేను’ పడింది! పెదవుల సంగతి స్టూడియోలో చూస్తాను. తర్వాతి భాగంలో ఆమె ఇదే వాక్యం మళ్ళీ అంటుంది, అప్పుడు నొక్కు ‘సెడ్’ మీద. నోటితో అనలేదు గాని, మనసులో అనుకున్నానని సూచన. ‘నేను అననే లేదు’ అని రాశాను.

రామచంద్రరావు:
అది ‘నెవర్’ను నొక్కినట్టు అవుతుంది. ‘అననే లేదు’ అంటే ఖండించి తలుపు మూసేసినట్టే. నీకు కాస్త తెరిచి ఉంచే మాట కావాలి. ‘అనడమైతే అనలేదు.’ వినేవాళ్ళు వెంటనే ‘మరి ఏం చేశావు’ అని అడుగుతారు చూడు. ఆ ‘అయితే’ వల్లనే.

శైలజ:
మా అత్తగారు ఇలాగే అంటారు. ‘తినడమైతే తిన్నాను’ అంటే వంట నచ్చలేదని మాకు అర్థమైపోతుంది.

కిరణ్:
‘షీ’ని నొక్కితే? ‘దొంగిలించింది ఆమె అని నేను అనలేదు’ సరిపోతుందా?

రామచంద్రరావు:
మగవాడైతే సరిపోయేది. ‘దొంగిలించాడు అతను’ అంటే మామూలు వాక్యాన్ని తిప్పి అన్నట్టు, ‘దొంగిలించింది అతను’ అంటే ఆ పని చేసిన మనిషిని వేలెత్తి చూపినట్టు. రెండూ విడిగా తెలుస్తాయి. స్త్రీ విషయంలో రెండు చోట్లా ‘దొంగిలించింది’ ఒకటే కనుక, కాగితం మీద చదివేవాడికి ఏదో తెలియదు. అందుకని అక్కడ ‘ఏ’ అవసరం: ‘దొంగిలించింది ఆమేనని నేను అనలేదు.’ కిరణ్, నీ ‘ఏ’ పనికి వచ్చే చోటు ఇది.

సుధ:
అందులో కూడా ‘నేను అనలేదు’ మిగిలిపోయింది రావుగారూ. అది ‘నేను’ను నొక్కినట్టు ఎవరికైనా వినిపిస్తుందా?

రామచంద్రరావు:
నాకు వినిపించదు. మా ఇంట్లో చదివించాను, మా ఆవిడకు వినిపించిందట. ‘నేను’ తీసేస్తే ఎవరు అనలేదో తెలియదు. వాక్యం మొదటికి జరిపి ‘నేను, దొంగిలించింది ఆమేనని అనలేదు’ అంటే తేలికపడుతుందేమో గాని పలకడానికి ఎగుడుదిగుడుగా ఉంది. మిగతావాళ్ళు కూడా పైకి చదివి ఎలా వినిపించిందో రాయండి.