ఓబీఎస్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మైక్, సిస్టమ్ సౌండ్ వేర్వేరు ట్రాకుల్లో తీయాలా, ముందే సరిచూసుకుంటే చాలదా?

పానగల్ టీచర్ (నల్లగొండ): పదో తరగతి ఫిజిక్స్ పాఠం 40 నిమిషాలు రికార్డ్ చేశాను. మధ్యలో ల్యాప్‌టాప్‌లో యానిమేషన్ పెట్టి దాని మీదే మాట్లాడాను. తీరా వింటే మ్యూజిక్ చెవులు పగలగొడుతోంది, నా గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. వేర్వేరు ట్రాకులు పెట్టమంటున్నారు. అంత తిప్పలు అవసరమా?

దేవరకొండ తమ్ముడు: తిప్పలేం లేదు సార్. Settings, Output, Advanced, Recording లోకి పోయి Audio Track దగ్గర 1, 2, 3 టిక్ పెట్టండి. అయిపోయింది.

జడ్చర్ల ఎడిటర్: తమ్మీ, సగమే చెప్పినవ్. అక్కడ టిక్ పెడితే మూడు ట్రాకులు వస్తాయి, కానీ మూడింట్లోనూ అదే కలగూరగంప ఉంటుంది. ఓబీఎస్ మొదట ప్రతి సౌండ్‌నూ ఆరు ట్రాకులకూ పంపుతుంది. Edit మెనూలో Advanced Audio Properties తెరిచి Mic/Aux కి 1, 2 మాత్రమే ఉంచాలి, Desktop Audio కి 1, 3 మాత్రమే. మిగతా టిక్కులు తీసెయ్యాలి. అప్పుడు 1లో రెండూ కలిసి, 2లో గొంతు, 3లో వీడియో సౌండ్ ఉంటాయి.

సార్, ఆ పాత పాఠం మళ్లీ తీయడమే మేలు. పాలల్లో కలిసిన నీళ్లను వేరుచేసే హంస నా దగ్గర లేదు. సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ గొంతు నలిగిపోతుంది.

గద్వాల అక్క: మా బట్టల షాపు లైవ్‌లో కూడా ఇదే గోల. ఈ ట్రాకులు పెడితే లైవ్ చూసేవాళ్లకు గొంతు పెరుగుతుందా?

జడ్చర్ల ఎడిటర్: లేదక్కా. ఇది రికార్డ్ చేశాక కూర్చుని సరిచేసుకునేవాళ్ల కోసం. లైవ్‌లో మీరు అప్పటికప్పుడు మిక్సర్‌లోనే చూసుకోవాలి.

వనపర్తి మాస్టర్: నేనైతే ఒప్పుకోను. నాలుగేళ్లుగా ఒకే ట్రాకుతో పాఠాలు తీస్తున్నా. ముందు ఒక నిమిషం టెస్ట్ తీస్తా. మిక్సర్‌లో నా మాట పసుపు గీతల్లో ఆడాలి, వీడియో సౌండ్ పచ్చ దాటొద్దు. అంతే, ఎడిటింగ్ లేకుండా నేరుగా అప్‌లోడ్. రోజుకు మూడు పాఠాలు తీసేవాడికి ట్రాకులు సవరించే టైమెక్కడిది?

జడ్చర్ల ఎడిటర్: మాస్టారూ, ఒకే వీడియో పెడితే మీ పద్ధతి చాలు. ఒక యానిమేషన్ మెల్లగా, తర్వాతది గట్టిగా ఉంటే? పాఠం ఆపి స్లైడర్ జరుపుతారా? పైగా మామూలు 160 కేబీపీఎస్ దగ్గర ఒక ట్రాకుకు గంటకు 72 ఎంబీ. రెండు ట్రాకులు ఎక్కువైనా వీడియో సైజు ముందు అది లెక్కలోకి రాదు.

పానగల్ టీచర్: పెట్టి చూశాను. కానీ వీఎల్‌సీలో ముందులాగే రెండూ కలిసే వినిపిస్తున్నాయి?

జడ్చర్ల ఎడిటర్: ప్లేయర్ ఒక్క ట్రాకే వినిపిస్తుంది, మొదటిది. Audio మెనూలో Audio Track మార్చి వినండి. ఎడిటర్‌లో మాత్రం 1ని మ్యూట్ చేయడం మరవొద్దు, లేకపోతే ప్రతి సౌండూ రెండేసిసార్లు కలుస్తుంది. ఎడిటర్ లేకపోతే కమాండ్‌తో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో గొంతు ఒక్కటే తీసుకోవచ్చు. అది సున్నా నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి రెండో ట్రాకుకు 1 అని రాయాలి.

```
ffmpeg -i patham.mkv -map 0:a:1 -c copy gontu.m4a
```

దేవరకొండ తమ్ముడు: నేను ఫోన్లో ఎడిట్ చేస్తా అన్నా. నా యాప్‌కు మొదటి ట్రాక్ తప్ప ఏదీ కనిపించట్లేదు.

జడ్చర్ల ఎడిటర్: అయితే ఇలా విడిగా తీసుకుని వేసుకో.

పానగల్ టీచర్: గొంతు 8 డీబీ పెంచి, వీడియో 12 తగ్గించాను, బాగానే ఉంది. ఒక్క చోట తప్ప. నేను మాట్లాడకుండా యానిమేషన్ చూపించిన పది సెకన్లలో 2వ ట్రాకులోనూ మ్యూజిక్ సన్నగా వినిపిస్తోంది. గొంతు పెంచితే అదీ పెరుగుతోంది.

జడ్చర్ల ఎడిటర్: స్పీకర్లు పెట్టి తీశారు కదా సార్? స్పీకర్ సౌండ్‌ను మైక్ పట్టేసింది. ట్రాకులు ఎన్ని చేసినా గదిలో కలిసిన సౌండ్ కలిసినట్టే. ఇయర్‌ఫోన్ పెట్టుకుని తీయండి. నోరు మూసుకుని వీడియో ఆడిస్తే 2వ ట్రాక్ దాదాపు గీతలా ఉండాలి. అలా ఉంటేనే వేరైనట్టు. మైక్‌లో అరుపుతో పగిలిన గొంతును కూడా ఇది బాగుచేయదు.

వనపర్తి మాస్టర్: చూశారా, చివరికి రికార్డింగ్ అప్పుడే జాగ్రత్త పడాలని తేలింది.

జడ్చర్ల ఎడిటర్: మాస్టారూ, జాగ్రత్త వద్దని నేనెప్పుడన్నాను? మీ ఒక నిమిషం టెస్ట్ తీయండి, ట్రాకులూ పెట్టండి.

వనపర్తి మాస్టర్: టెస్ట్ తీస్తా. ట్రాకుల సంగతి ఎండాకాలం సెలవుల్లో చూద్దాం.

గద్వాల అక్క: ఇంతకీ నా లైవ్ సంగతి?