డాలర్–యెన్ పాత చార్ట్: రెండు కదలికలు ఒకేలా ఎందుకు కనిపిస్తున్నాయి?

సుజాత: ఒక డాలర్‌కు ఎన్ని యెన్‌లో చూపించే చార్ట్ ముందు పెట్టుకున్నాను. 1971లో 360 నుంచి 308కి దిగిన మెట్టు, 2011–2015 మధ్య దాదాపు 76 నుంచి 125కి ఎక్కిన గీత ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. రెండూ ఒకే స్థాయి మార్పులేనా?

వెంకట్: కావు. మీ చార్ట్ మామూలు స్కేలులో ఉంది, అది యెన్‌లను మాత్రమే లెక్కపెడుతుంది. ఒకటి 52 యెన్‌లు, ఇంకోటి 49. అయితే 360లో 52 అంటే 14 శాతం, 76 మీద 49 అంటే 64 శాతం. లాగ్ స్కేలుకి మార్చి చూడండి, రెండోది మొదటిదానికి మూడు రెట్లకు పైగా పొడవొస్తుంది. ఏ చార్ట్ అయినా ముందు పక్కనున్న అంకెలు చూడాలి. 100 నుంచి 200కి ఎంత దూరమో 200 నుంచి 400కీ అంతే ఉంటే అది లాగ్.

రమేష్: అంటే లాగ్‌లో 50 శాతం పెరిగి 50 శాతం తగ్గితే గీత మళ్లీ మొదటికే వస్తుందన్నమాట.

వెంకట్: రాదండీ. సమాన దూరం సమాన నిష్పత్తికే. 100 నుంచి 150కి ఎక్కితే, దిగడానికి 33 శాతం చాలు. పై ఉదాహరణలోనూ డాలర్ 64 శాతం పెరిగితే, యెన్ వైపు నుంచి అది 39 శాతం పతనమే. ఒక యెన్‌కు ఎన్ని డాలర్లో అని చార్ట్‌ను తిరగేస్తే మామూలు స్కేలులో ఆకారమే మారిపోతుంది. లాగ్‌లో మాత్రం తలకిందులవుతుంది, అంతే.

పద్మ: నాకు నెలకి 1,000 డాలర్లు వస్తాయి, ఖర్చు యెన్‌లలో. రేటు ఒక్క యెన్ కదిలితే 1,000 యెన్‌ల తేడా, అది 360 దగ్గరైనా 80 దగ్గరైనా. నాకు శాతాలెందుకు?

వెంకట్: మీ లెక్కకి మామూలు స్కేలే నయం. సుజాతగారు అడిగింది వేరు, ఏ దశాబ్దంలో కుదుపు పెద్దదని.

సుజాత: స్ప్రెడ్‌షీట్‌లో లాగ్ పెట్టాను. గీతంతా మధ్యలో అణిగిపోయింది. అడ్డగీతలు 10, 100, 1000 దగ్గరే ఉన్నాయి.

వెంకట్: అది బేస్ 10 వల్ల. బేస్ 2 చేసి, కనిష్ఠం 64, గరిష్ఠం 512 పెట్టండి. 64, 128, 256, 512 దగ్గర గీతలు వస్తాయి, ఒక్కో గడి దాటితే రేటు రెట్టింపు. రేటుకి LN తీసి ఆ కాలమ్‌ని గీయొద్దు. అప్పుడు 360కి బదులు 5.89 కనిపిస్తుంది, చూసేవాళ్లకి అదేంటో అర్థం కాదు.

రమేష్: ఏడాదంతా 140–150 మధ్యే తిరిగిన చార్ట్‌కి కూడా ఇంత అవసరమా?

వెంకట్: అక్కడ కంటికి తేడా తెలియదు. నేనైతే మామూలుగానే వదిలేస్తాను.

సుజాత: పాత చార్ట్ పక్కన పెట్టి పోల్చాలంటే రెండూ ఒకే స్కేలులో ఉండొద్దా?

పద్మ: ఉండాలనే నాకూ అనిపిస్తోంది. అయితే అప్పుడు ఏడాది గీత దాదాపు చదునుగా కనిపిస్తుంది, నాకు కావాల్సిన తేడాలు అందులో దొరకవు.