మూసేసిన కార్డుపై బకాయి: సిబిల్ నివేదికను సరిచేయించడం ఎలా?

కావలి ఉపాధ్యాయుడు: ఇంటి రుణానికి దరఖాస్తు చేస్తే, నా రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో నా పేరున రూ. 2,360 క్రెడిట్ కార్డు బకాయి ఉందని చెప్పి పక్కన పెట్టారు. ఆ కార్డును 2023 మార్చిలోనే మూయించాను, బ్యాంకు ఇచ్చిన ముగింపు లేఖ కూడా నా దగ్గర ఉంది. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

గూడూరు వ్యాపారి: చిన్న మొత్తమే కదా, కట్టేసి బాకీ లేదన్న పత్రం తీసుకోండి మాస్టారూ, పని అయిపోతుంది.

ఒంగోలు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: కట్టవద్దండి. కడితే ఆ బాకీ మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది, పైగా ఆలస్యమైన నెలల గుర్తులు అలాగే మిగిలిపోతాయి. ఆ మొత్తం రెండు వేల వార్షిక రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపినట్టు కనబడుతోంది. నివేదికలో ఆ ఖాతా కింద, చెల్లింపు ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే నెలవారీ గడులను చూడండి. మార్చి వరకు 000 ఉండి, ఆ తరువాత 030, 060 అని పెరుగుతూ పోతే, తప్పు ఎక్కడ మొదలైందో ఆ గడులే చెబుతాయి.

కావలి ఉపాధ్యాయుడు: సరిగ్గా అలాగే ఉందండి. మే గడిలో 030 ఉంది.

నెల్లూరు యువతి: సిబిల్ వెబ్‌సైటులో అభ్యంతరం పెడితే వాళ్లే తీసేస్తారు. మా అన్నయ్య నివేదికలో అదే పేరున్న వేరొకరి రుణం చేరితే అలాగే పోయింది.

ఒంగోలు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: అమ్మా, అక్కడ అభ్యంతరం పెట్టడం సరైనదే, కానీ బ్యాంకు ధ్రువీకరించనిదే సంస్థ తనంతట తాను మార్చదు. మాస్టారు గారు, నివేదిక పైనున్న కంట్రోల్ నంబరుతో అక్కడ అభ్యంతరం పెట్టి, అదే రోజు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ముగింపు లేఖ జతచేసి రాయండి. రుసుము మాఫీ చేయమని మాత్రం అడగవద్దు. అలా అడిగితే దయతో రుసుము తీసేసి, గడులను వదిలేస్తారు. బకాయిని సున్నా చేయాలని, మార్చి తరువాతి ఆలస్యపు గుర్తులన్నీ తొలగించాలని, ముగింపు తేదీని సరిచేయాలని విడివిడిగా రాయండి.

గూడూరు వ్యాపారి: వాళ్లు పట్టించుకోకపోతే?

ఒంగోలు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపై ప్రతి రోజుకు రూ. 100 పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిది రోజులు ఆలస్యమైతే రూ. 1,800 అన్నమాట. బ్యాంకు 21 రోజుల్లోగా సవరణ పంపినా సిబిల్ ఆలస్యం చేస్తే, ఆ పరిహారం సిబిలే ఇవ్వాలి. అప్పటికీ జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

నెల్లూరు యువతి: బ్యాంకు మరిన్ని పత్రాలు అడిగితే, ఆ ముప్పై రోజులు మొదటి నుంచి లెక్కిస్తారా?

ఒంగోలు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: అక్కడే వాదన వస్తుందమ్మా. అందుకే లేఖ, నివేదిక పుట, పాన్ ప్రతి మొదటి రోజే పంపి, ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవాలి.

కావలి ఉపాధ్యాయుడు: రెండు చోట్లా ఈ రోజే పంపాను. సిబిల్ లాంటి మరో సంస్థ ఎక్స్‌పీరియన్ నివేదికలో కూడా ఇదే బకాయి కనిపిస్తోంది, దానికి వేరుగా పెట్టాలా?

ఒంగోలు విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: వేరుగానే పెట్టండి, బ్యాంకు లేఖలో ఆ పేరు కూడా చేర్చండి.