గూగుల్ స్కాలర్‌లో కనిపించే రిఫరెన్స్ కూడా కల్పితం కావచ్చా? ఎలా తేల్చాలి?

ఒక జర్నల్‌కు వచ్చిన పేపర్‌ను రివ్యూ చేస్తున్నాను. ఏఐతో రాయించారేమోనని అనుమానం వచ్చి, రిఫరెన్సులు ఒక్కొక్కటీ చూస్తున్నాను. ఒకదాని డీఓఐని doi.org లో వేస్తే సంబంధం లేని వ్యాసం తెరుచుకుంది. దాని సంగతి తేలిపోయింది.

ఇబ్బందంతా ఇంకోదానితోనే. దానికి డీఓఐ ఇవ్వలేదు. అందులో పేర్కొన్న పరిశోధకులు నిజంగా ఉన్నారు, జర్నల్ కూడా ఉంది. కానీ జర్నల్ సైట్‌లో ఆ సంపుటి, సంచిక తెరిస్తే, చెప్పిన పేజీల్లో వేరే వ్యాసం మధ్యభాగం ఉంది. క్రాస్‌రెఫ్‌లో శీర్షికతో వెతికినా రాలేదు. గూగుల్ స్కాలర్‌లో మాత్రం [CITATION] గుర్తుతో, లింక్ లేకుండా కనిపిస్తోంది. అంటే అసలు వ్యాసం దొరికినట్టు కాదు, ఎవరో తమ రిఫరెన్సుల్లో దాన్ని రాశారని మాత్రమే. ఆ కల్పిత రిఫరెన్స్‌నే ఒకరి నుంచి ఒకరు కాపీ చేసి ఉండొచ్చు కదా?

సంపుటి నంబరు, పేజీలు తప్పు పడటం మనుషులు రాసిన పేపర్లలోనూ మామూలే. అందుకే తొందరపడి నింద వేయడం నాకిష్టం లేదు. ఎడిటర్‌కు రాసేముందు ఇంకెక్కడ వెతకాలి? ఆ వ్యాసం పీడీఎఫ్ పంపమని ఎడిటర్ ద్వారా అడిగించడం సరైన పద్ధతేనా? ఇలాంటివి తేల్చిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.