డల్లాస్ క్లయింటు, న్యూయార్క్ చట్టం, సింగపూర్ ఆర్బిట్రేషన్: సంతకం పెట్టాలా, మార్పించాలా?

బ్రాడీపేట శాప్: గుంటూరులో ఉండి శాప్ కన్సల్టింగ్ చేస్తున్నాను. డల్లాస్ కంపెనీతో నేరుగా ఇదే మొదటి కాంట్రాక్టు. నెలకు 4,000 డాలర్లు, ఇన్వాయిస్ పంపిన 45 రోజులకు చెల్లింపు. 17వ క్లాజులో న్యూయార్క్ చట్టం వర్తిస్తుందని ఉంది. 18లో గొడవ వస్తే కోర్టు బయట మధ్యవర్తులే, అంటే ఆర్బిట్రేటర్లే, తీర్పు చెప్పాలని ఉంది: ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ల ఐసీసీ రూల్స్, ముగ్గురు ఆర్బిట్రేటర్లు, సీటు సింగపూర్. 19లో న్యూయార్క్ కోర్టులకే పూర్తి అధికారం అట. ఇవన్నీ తీసేసి గుంటూరు కోర్టు అని రాయమని అడగనా?

కృష్ణలంక బాబాయ్: అడగడం కాదు తమ్ముడూ, పట్టుబట్టు. పని గుంటూరులో చేస్తున్నావు, డబ్బు గుంటూరు బ్యాంకులో పడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ చూడు, వ్యవహారంలో కొంత భాగం ఎక్కడ జరిగినా అక్కడ దావా వేయొచ్చు. ఇంటి దగ్గర కోర్టు ఉండగా సింగపూర్ ఎందుకు?

పటమట వకీలు: 20వ సెక్షన్ గురించి బాబాయ్ గారు చెప్పింది నిజమే. కానీ ఆర్బిట్రేషన్ క్లాజు మీద సంతకం పెట్టి ఇక్కడ దావా వేస్తే, అవతలివాళ్లు ఆ క్లాజు చూపించి అడగ్గానే కోర్టు సాధారణంగా ఆర్బిట్రేషన్‌కే పంపుతుంది. 1996 నాటి మన ఆర్బిట్రేషన్ చట్టంలో 45వ సెక్షన్ అందుకే ఉంది.

సరే, క్లాజు తీయించారనే అనుకుందాం. గుంటూరులో డిక్రీ కూడా వచ్చింది. డబ్బు ఎవరి దగ్గర ఉంది? డల్లాస్‌లో ఉన్న క్లయింటు ఖాతాలో. మన డిక్రీని అక్కడ నేరుగా అమలు చేయించే ఒప్పందం అమెరికాతో మనకు లేదు. టెక్సాస్ కోర్టుకు వెళ్లి ఈ తీర్పును గుర్తించమని మళ్లీ మొదలుపెట్టాలి. ఆర్బిట్రేటర్లు ఇచ్చే తీర్పు, అంటే అవార్డు, దాని సంగతి వేరు. ఇతర దేశాల అవార్డులను గుర్తించి అమలు చేస్తామనే 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్‌లో ఇండియా, అమెరికా, సింగపూర్ మూడూ ఉన్నాయి. సింగపూర్ అవార్డును అమెరికా కోర్టు ముందు పెడితే కేసు మంచిచెడ్డలు మళ్లీ తిరగదోడరు. నోటీసు అందిందా, ఆర్బిట్రేటర్లు పరిధి దాటారా లాంటి కొద్ది అభ్యంతరాలే వింటారు.

కాబట్టి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "నాకు ఏ కోర్టు దగ్గర" అన్నది కాదు. "అవతలివాడి ఆస్తి ఉన్నచోట ఏ కాగితం చెల్లుతుంది" అన్నది.

బ్రాడీపేట శాప్: అర్థమైంది సార్. అలాంటప్పుడు న్యూయార్క్ చట్టం, సింగపూర్ సీటు రెండూ ఎందుకు? ఏదో ఒకటే ఉండాలి కదా?

పటమట వకీలు: ఉండనక్కర్లేదు, రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. మీ కాంట్రాక్టులో మాటలకు అర్థం ఏమిటి, ఎవరు తప్పారు, నష్టం ఎంత అన్నది 17వ క్లాజు చెప్పిన చట్టంతో తేలుతుంది. ఒక ఉదాహరణ చూడండి. కాంట్రాక్టు ముగిశాక ఏడాది పాటు పోటీ కంపెనీకి పని చేయకూడదనే షరతు ఉందనుకోండి. మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. న్యూయార్క్ చట్టం కింద అయితే సమంజసంగా ఉంటే చెల్లొచ్చు. మీ దాంట్లో అలాంటి షరతు ఉందేమో చూసుకోండి. లేకపోతే న్యూయార్క్ చట్టానికి భయపడక్కర్లేదు.

సీటు అంటే ఆ ఆర్బిట్రేషన్ మీద పర్యవేక్షణ ఏ దేశపు కోర్టులది అని. అవార్డు కొట్టేయమని అడగాలంటే అక్కడికే వెళ్లాలి. విచారణ మీరు ఇంట్లో కూర్చుని వీడియోలో పాల్గొన్నా సీటు సింగపూరే.

ఇక అసలు చిక్కు 19లో ఉంది. 18 ఆర్బిట్రేషన్ అంటోంది, 19 న్యూయార్క్ కోర్టులకే పూర్తి అధికారం అంటోంది. రెండు పాత కాంట్రాక్టుల నుంచి చెరొక పేరా తెచ్చి అతికించినట్టుంది. గొడవ వచ్చిన రోజున అసలు ఎక్కడ వాదించాలి అన్నదాని మీదే మొదటి ఖర్చంతా పోతుంది. 19 తీసేయమనండి. ఒప్పుకోకపోతే కనీసం "18వ క్లాజుకు లోబడి" అన్న మాట ముందు పెట్టించండి.

లబ్బీపేట రైటర్: వకీలు గారు, మీరు చెప్పేదంతా పెద్ద కంపెనీలకు బాగుంటుంది. ఈ అబ్బాయి లెక్క వేసి చూడండి. నెల పని చేశాక ఇన్వాయిస్, ఆపైన 45 రోజులు. మొదటి ఇన్వాయిస్ గడువు దాటేసరికి 75 రోజుల పని అయిపోయి ఉంటుంది, అంటే సుమారు 10,000 డాలర్లు. ఐసీసీలో కేసు వేయడానికే 5,000 డాలర్లు కట్టాలి, అది తిరిగి రాదు. ఆర్బిట్రేటర్ల ఫీజు, లాయరు ఫీజు ఆ పైన. ఎవరు వెళ్తారు? క్లయింటుకూ ఈ సంగతి తెలుసు.

నేను అమెరికా కంపెనీలకు టెక్నికల్ డాక్యుమెంట్లు రాస్తాను. నా కాంట్రాక్టుల్లో, బకాయి ఇన్వాయిస్‌కు క్లయింటు ఉన్న ఊరి కోర్టుకు వెళ్లే హక్కు నాకుండాలని మినహాయింపు అడుగుతాను. టెక్సాస్ జస్టిస్ కోర్టులు 20,000 డాలర్ల వరకు కేసులు తీసుకుంటాయి, ఇతని బాకీ అందులో పడుతుంది. అక్కడ గెలిస్తే దాన్ని ఇంకో దేశం మోసుకెళ్లే పనే లేదు.

పటమట వకీలు: ఫీజు మాట ఒప్పుకుంటున్నాను మేడమ్. ఒక్క సవరణ. 2021 నుంచి కుదిరిన ఒప్పందాల్లో, వివాదం 30 లక్షల డాలర్లు దాటకపోతే ఐసీసీ త్వరిత విధానం దానంతటదే వర్తిస్తుంది. వద్దని ఇద్దరూ రాసుకుంటే తప్ప. ముగ్గురని క్లాజులో ఉన్నా ఒక్కరినే నియమించే అధికారం ఐసీసీకి ఉంటుంది. అయినా ఈ మొత్తానికి ఖరీదే.

మీ మినహాయింపు బకాయిలకు బాగానే ఉంది. కానీ క్లయింటు డబ్బు ఎగ్గొట్టేటప్పుడు "పని సరిగ్గా లేదు, డేటా పోయింది" అని ఎదురు క్లెయిము పెడతాడు. అప్పుడు అది ఇన్వాయిస్ గొడవా, 18వ క్లాజు గొడవా?

లబ్బీపేట రైటర్: ఇన్వాయిస్ మీద 10 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని రాయించుకోవాలి. అప్పుడు ఆ సాకు చాలావరకు పోతుంది.

పటమట వకీలు: చాలావరకు అన్నారు చూడండి, అక్కడే నా అనుమానం. కేసు వేయాలంటే అక్కడ లాయరో, హాజరయ్యే మనిషో కావాలి కదా.

దుబాయ్ నుంచి వచ్చా: నా తమ్ముడు దుబాయ్ బ్యాంకు లోన్ కట్టకుండా వచ్చేశాడు. అక్కడి తీర్పును విజయవాడలో అమలు చేస్తామని నోటీసు వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. వాడి కాగితాల్లోనూ దుబాయ్ చట్టం అనే ఉంది. ఇదీ అదేనా?

పటమట వకీలు: కాదండీ, మీది చట్టం క్లాజు వల్ల రాలేదు. 2020 జనవరిలో యూఏఈని మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ జాబితాలో చేర్చారు కాబట్టి అక్కడి తీర్పును ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టగలరు. తమ్ముడికి అక్కడ సమన్లు సరిగా అందాయా, తీర్పు కేసు వివరాల మీద ఇచ్చారా అన్నది ముందు లాయరుకు చూపించుకోండి. ఆలస్యం చేయొద్దు.

దీన్నిబట్టి బ్రాడీపేట తమ్ముడికి ఒక మాట. అమెరికా ఆ జాబితాలో లేదు. న్యూయార్క్ కోర్టులో మీ మీద తీర్పు వస్తే, దాని ఆధారంగా క్లయింటు ఇక్కడ 3 ఏళ్లలోపు కొత్త దావా వేయాలి. సింగపూర్ అవార్డు అయితే అమలు కోసం నేరుగా అమరావతిలో మన హైకోర్టుకు వస్తుంది. నేను పొగిడిన ఆ సౌకర్యం మీకూ, వాళ్లకూ ఒకటే. అందుకే మీ బాధ్యత ఎన్ని డాలర్లకు పరిమితమో కాంట్రాక్టులో ఉందా చూడండి.

కృష్ణలంక బాబాయ్: అలాగైతే సీటు హైదరాబాద్ అని పెట్టుకోవచ్చుగా? అవార్డు అమెరికాలో చెల్లుతుంది కదా.

పటమట వకీలు: చెల్లుతుంది, మీ సలహాల్లో అది మంచిదే. ఒక్కటే చూసుకోవాలి. గెలిచిన అవార్డును కొట్టేయమని క్లయింటు ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఇక్కడ పిటిషన్ వేస్తే ఎంతకాలం నడుస్తుందో మీకు తెలుసు.

బ్రాడీపేట శాప్: నిన్న వాళ్లకు రాశాను. 19 తీసేయడానికి, ఒక్క ఆర్బిట్రేటరుకు ఒప్పుకున్నారు. హైదరాబాద్ కుదరదన్నారు. పోటీ షరతు లేదు. బాధ్యత పరిమితి ఉంది, 6 నెలల ఫీజు వరకు. టెక్సాస్ కోర్టు మినహాయింపు వాళ్ల లీగల్ టీమ్ చూస్తోంది. 45 రోజులను 15 చేసి, మొదటి నెల అడ్వాన్స్ అడిగితే మాత్రం ఇంకా జవాబు లేదు.

లబ్బీపేట రైటర్: మిగతా క్లాజులకన్నా అడ్వాన్స్ మీదే గట్టిగా నిలబడు. 15 రోజులు, నెల అడ్వాన్స్ రెండూ వస్తే నీ 75 రోజులు కాస్తా 15 రోజులకు దిగుతాయి, అంటే 2,000 డాలర్లు.