అప్‌డేట్: లేట్ వార్నింగ్ మెసేజ్‌లు మార్చాం

నేనడిగింది: "మా షాపు మేనేజర్ గారు స్టాఫ్ గ్రూపులో 'ఇదేమైనా మీ అత్తారిల్లా, లేటైతే ఇక ఇంటికే' అని పెడుతున్నారు, గట్టిగానే ఉండాలి కానీ మర్యాదగా ఎలా రాయాలి?"

అప్‌డేట్: ముందు పేరు పెట్టి అనడం గ్రూపులో ఆపించాను, ఎవరు లేటైతే వాళ్లకే విడిగా పెడుతున్నాం. బిల్లింగ్ అమ్మాయికి సార్ టైప్ చేసింది "రోజూ ఇదే నాటకమా, హాఫ్ డే కట్" అని. అది ఇలా అయింది:

"అమ్మా, సోమవారం, బుధవారం 10:20కి వచ్చారు, డ్యూటీ 9:45కి. అప్పటిదాకా కౌంటర్ మూసుంది, కస్టమర్లు బిల్లుకి నిలబడిపోయారు. రేపట్నుంచి 9:45కి ఉండాలి. బస్సు లేటైతే 9:30 లోపు ఫోన్ చెయ్యండి. మళ్లీ జరిగితే వార్నింగ్ లెటర్ ఇవ్వాల్సొస్తుంది. ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి."

"రోజూ" అంటే వాళ్లు వెంటనే "రోజూ ఎక్కడండీ" అని వాదనకి దిగుతారు, వారం, టైం రాస్తే ఆ గొడవ లేదు. హాఫ్ డే మాట ఎందుకు తీసేశామంటే, రాని టైముకి మించి జీతం కొయ్యడం చట్టం ఒప్పుకోదని మా అకౌంటెంట్ గారు చెప్పారు, చెయ్యలేని బెదిరింపు రాయడం దండగ కదా.

ఆ అమ్మాయి గాజువాక నుంచి వస్తుంది, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ అట, ముందు బస్సుకి వస్తానని రిప్లై పెట్టింది, వస్తోంది కూడా. సార్ మాత్రం ఇప్పుడు వాయిస్ మెసేజ్‌లు మొదలెట్టారు, వాటినేం చెయ్యాలో తెలీట్లేదు 😅