కొబ్బరిచెట్టు చూడాలా, కారు మసక చూడాలా?

లంక యాత్రికుడు: గూగుల్ స్ట్రీట్ వ్యూ వీధి చిత్రం చూసి చోటు చెప్పే ఆటలో కాలువ, వరిచేను, కొబ్బరితోట కనిపిస్తే నేను కోనసీమ అనేస్తాను. ఆరితేరినవాళ్లు మాత్రం బొమ్మను కిందికి తిప్పి, దాన్ని తీసిన కారును కప్పిన మసకను చూస్తున్నారు. ఇది భూగోళం తెలియడమా, దొడ్డిదారా?

గట్టుదారి: దొడ్డిదారే అనుకోండి, అయినా కొబ్బరిచెట్టు శ్రీలంకలోనూ అలాగే ఉంటుంది కదండీ. నేను ముందు కెమెరా రోడ్డుకు ఏ పక్కన నడుస్తోందో చూస్తాను. ఎడమవైపు ఉంటే కంబోడియా, వియత్నాం లెక్కలోంచి పోయినట్టే. ఇరుకు కాలువగట్టు మీద కారు నడిమధ్యన పోతుంది, అక్కడ ఈ గుర్తు పనికిరాదు. తర్వాత ఆకాశం. 2017 నుంచి వచ్చిన కెమెరాల్లో నీలం ముదురుగా, ఆకుల అంచులు తేటగా ఉంటాయి. అంతకు ముందు తరంలో ఆకాశం వెలిసినట్టు ఉంటుంది. 2016లో వచ్చిన శ్రీలంక చిత్రాలు ఈ పాతరకమే. కారు సంగతి ఆఖరున. కెన్యాలో ముందుభాగం పక్కన నిలువు గొట్టం, ఘానాలో పైకప్పు కడ్డీకి నల్లటేపు కనిపిస్తాయి. అలాంటి గుర్తు లేనప్పుడు మసకను ఎంతసేపు చూసినా ఏమీ రాలదు.

చిన్నోడు: అయితే తేలికే. వెలిసిన బొమ్మ శ్రీలంక, తేటబొమ్మ ఇండియా. మనకు 2022లోనే వచ్చాయి కనుక అన్నీ కొత్త కెమెరాలే.

గట్టుదారి: సంవత్సరం సరిగ్గా చెప్పావు తమ్ముడూ, ముగింపు తప్పు. ఇక్కడ చిత్రాలు తీసింది గూగుల్ కార్లు కావు, జెనెసిస్, టెక్ మహీంద్రా అనే భాగస్వాములు. కాబట్టి తేదీ కొత్తదైనంత మాత్రాన బొమ్మ గూగుల్ కెమెరా తరాల లెక్కలో ఒదగదు. నీ సూత్రంతో ఇండియాను శ్రీలంకకు పంపేస్తావు.

రాజోలు టీచర్: మా ఇల్లు ఆ బొమ్మల్లో పడకుండా మసక చేయించవచ్చా?

గట్టుదారి: చేయించవచ్చు మాస్టారూ, ఆ చిత్రంలోనే సమస్య తెలిపే లంకె ఉంటుంది. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేరు. ఇక్కడ మాట మాత్రం కారు మసక గురించి.

లంక యాత్రికుడు: మరి చిత్రాలు లేని చోట్ల సంగతి?

గట్టుదారి: నాకు ఎక్కువ పాయింట్లు తెచ్చేది అదే. ఆటకు ముందే గూగుల్ మ్యాప్స్‌లో పసుపు మనిషిబొమ్మను ఎత్తి పట్టుకుంటే, కారు తిరిగిన రోడ్లు నీలిగీతలై వెలుగుతాయి. విడి చుక్కలు జనం పెట్టిన ఫోటోలు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. 2022 జూలైలో మొదట తెరిచిన పది నగరాల్లో హైదరాబాద్ ఉంది, డెల్టా ఊరు ఒక్కటీ లేదు. ఆ తర్వాత గీతలు పెరుగుతూ వచ్చాయి కనుక పాత జ్ఞాపకాన్ని నమ్మకండి. ఒకటి మాత్రం మారదు, పడవలో తప్ప చేరలేని లంకకు కారు వెళ్లదు. గౌతమి మధ్యలో గుర్తు పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

లంక యాత్రికుడు: ఇది గీతలను బట్టీ పట్టడం, గోదావరిని ఎరగడం కాదు. కొత్త చిత్రాలు వేసిన రోజున మీ పాఠమంతా వృథా.

గట్టుదారి: మళ్లీ నేర్చుకుంటాను. కానీ కేరళా, కోనసీమా తేల్చాలంటే కెమెరా సాయం చేయదు, అక్కడ మీ కళ్లే కావాలి. ఎర్రమట్టి కనిపిస్తే కేరళ వైపు మొగ్గుతాను.

లంక యాత్రికుడు: కేరళలోనే కుట్టనాడులో ఒండ్రునేలే కదండీ! అక్కడేం చేస్తారు?

గట్టుదారి: బోర్డు మీద లిపి దొరికేదాకా ముందుకు కదులుతాను. కదలనివ్వని ఆటైతే అదృష్టం మీదే.